మొదటిసారి స్కూబాకి అండమాన్ వెళ్తున్నారా? రిటర్న్ ఫ్లైట్ నుంచి వెనక్కి ప్లాన్ వేసుకోండి

అండమాన్ ట్రిప్ అనగానే మనోళ్ళు చేసే మొదటి పని చవగ్గా ఫ్లైట్ టికెట్ దొరికిందా చూడటం, రెండోది హోటల్, మూడోది ఏదో ఒక ప్యాకేజీ. స్కూబా అనేది ఆ ప్యాకేజీలో ఆరో లైన్లో "కాంప్లిమెంటరీ" అని ఎక్కడో ఉంటుంది, అది ఏ రోజు ఉంటుంది, ఎవరు చేయిస్తారు, మన ఒంటికి సరిపడుద్దా అని ఎవరూ అడగరు. నేను చెప్పే పద్ధతి దీనికి ఉల్టా. ముందు మెడికల్ ఫారం, తర్వాత రిటర్న్ ఫ్లైట్ టైమ్, దాన్నుంచి వెనక్కి లెక్కేసి డైవ్ రోజు, ఆ రోజుకి ఆపరేటర్, ఇవన్నీ తేలాకే డబ్బులు కట్టడం.

అర్థం అవడానికి ఒక ఊహాత్మక ఫ్యామిలీని తీసుకుందాం. హైదరాబాద్ నుంచి వెళ్తున్నారు, భర్తకి 47 ఏళ్ళు, రోజూ బీపీ టాబ్లెట్ వేసుకుంటాడు. భార్యకి 41, చలికాలం వస్తే సైనస్ పట్టేస్తది. బాబుకి 12, ఏ ప్రాబ్లమూ లేదు. తోడుగా 68 ఏళ్ళ నాన్నగారు కూడా వస్తున్నారు, ఆయన డైవ్ చేయరు గానీ "ఆ గొట్టం పెట్టుకుని పైన తేలడమేగా, అది నేనూ చేస్తా" అంటున్నారు. శనివారం ఉదయం 11:30కి పోర్ట్ బ్లెయిర్ నుంచి రిటర్న్ ఫ్లైట్ అనుకుందాం. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అని మార్చారు, వీళ్ళు డైవ్ చేయబోయే హావ్లాక్ దీవి ఏమో 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, టికెట్ల మీద ఏ పేరు కనబడినా కంగారు పడకండి, ఊరు అదే.

స్టెప్ 1: ఫారం ఇంట్లోనే నింపండి, బోటు దగ్గర కాదు

ప్రపంచంలో చాలా డైవ్ సెంటర్లు వాడే మెడికల్ ఫారం ఒకటుంది, గూగుల్లో Diver Medical Participant Questionnaire అని కొడితే పీడీఎఫ్ దొరుకుద్ది, ఫ్రీ. మొదటి పేజీలో 10 ప్రశ్నలే. అన్నిటికీ "నో" అయితే సంతకం పెట్టేసి వెళ్ళొచ్చు, డాక్టర్ అక్కర్లేదు. కొన్నిటికి "యెస్" అంటే రెండో పేజీలో ఇంకాస్త వివరంగా అడుగుద్ది, అక్కడా "యెస్" పడితే డాక్టర్ సంతకం కావాలి. కొన్నిటికైతే మొదటి పేజీలో యెస్ పడగానే నేరుగా డాక్టరే.

మన ఫ్యామిలీకి వేసి చూద్దాం. భర్త 45 దాటాడు కాబట్టి ఒక యెస్, రెండో పేజీలో బీపీ ఉందా అంటే మళ్ళీ యెస్, పైగా రోజూ మందులు వాడుతున్నారా అనే ప్రశ్న వేరే ఉంది దానికీ యెస్. సో డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. దీనర్థం ఆయన డైవ్ చేయకూడదని కాదు, బీపీ కంట్రోల్లో ఉండి, రెండు ఫ్లోర్లు ఆయాసం లేకుండా ఎక్కగలిగి, డాక్టర్ ఓకే అంటే చాలామంది చేస్తారు. కానీ ఏ మందు అనేది ముఖ్యం, బీటా బ్లాకర్ రకం మందులైతే శ్రమ పెరిగినప్పుడు గుండె దానికి తగ్గట్టు వేగం అందుకోదు, అందుకని స్ట్రిప్ పట్టుకెళ్ళి డాక్టర్‌కి చూపించండి, నోటితో "బీపీ మాత్ర" అని చెప్పి వదిలేయొద్దు. ఆయన ఈసీజీ, ట్రెడ్‌మిల్ టెస్ట్ రాస్తే ఖర్చని తిట్టుకోకండి, నీళ్ళలోకి దిగగానే కాళ్ళలో ఉండే రక్తం ఛాతీ వైపు తోసుకొస్తది, గుండె మీద పని పెరుగుతది, అది ముందే తెలుసుకోడానికే ఆ టెస్ట్.

భార్యకి గత 12 నెలల్లో సైనస్ మళ్ళీమళ్ళీ వచ్చిందంటే ఆవిడకీ డాక్టరే, ఈఎన్‌టీ అయితే ఇంకా మంచిది. బాబు క్లియర్. 10 ఏళ్ళు నిండితే పరిచయ డైవ్, అంటే కోర్సు లేకుండా ఇన్‌స్ట్రక్టర్‌తో మొదటిసారి చేసే డైవ్, చేయొచ్చు, తల్లిదండ్రుల సంతకం కావాలి. కానీ వాడు భయపడుతుంటే "ఇంత డబ్బు కట్టాం" అని తోయకండి ప్లీజ్.

కొన్ని విషయాల్లో బేరం లేదు. ప్రెగ్నెంట్ అయినా, ప్రయత్నంలో ఉన్నా డైవ్ వద్దు, ఫారంలోనే పైన రాసుంటది. ఊపిరితిత్తి తనంతట తాను కుప్పకూలిన హిస్టరీ, అంటే న్యూమోథొరాక్స్ ఉంటే స్కూబా మర్చిపోండి. ఫిట్స్ హిస్టరీ ఉన్నా మామూలుగా డాక్టర్లు ఒప్పుకోరు. ఆస్తమా దగ్గర మనోళ్ళు బాగా దాచేస్తారు, "చిన్నప్పుడు ఉండేది, ఇప్పుడు ఇన్‌హేలర్ ఎప్పుడో ఒకసారి" అని. ఎందుకు ముఖ్యమో చెప్తా. 10 మీటర్ల లోతులో ప్రెషర్ పైన ఉన్నదానికి రెండింతలు, అక్కడ పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలు అవుద్ది. మామూలు మనిషి ఊపిరి వదుల్తూ వస్తాడు కాబట్టి ఏమీ కాదు, ఆస్తమాలో గాలి గొట్టాలు బిగుసుకుని ఒక మూల గాలి ఇరుక్కుపోతే అది బయటికి పోయే దారి లేక ఊపిరితిత్తినే చీల్చొచ్చు. స్కూబాలో మొదటి రూల్ "ఊపిరి ఎప్పుడూ బిగబట్టొద్దు" అనేది కూడా అందుకే. ఫారంలో అబద్ధం రాస్తే మోసపోయేది ఇన్‌స్ట్రక్టర్ కాదు.

డాక్టర్ సంతకం హైదరాబాద్‌లోనే పెట్టించుకుని ప్రింట్ పట్టుకెళ్ళండి, అదే ఫారం సెట్‌లో డాక్టర్ సంతకం పెట్టే పేజీ కూడా ఉంటది. హావ్లాక్ దిగాక "యెస్" అని టిక్ పెడితే ఆ దీవిలో డాక్టర్ కోసం తిరగాలి, దొరక్కపోతే మీ స్లాట్ పాయె. లేదా అక్కడి కుర్రాడు "సార్ అన్నీ నో పెట్టేయండి" అంటాడు, ఇది ఇంకా దారుణం. అలా అన్నాడంటే ఆ షాపు గురించి మీకు తెలియాల్సింది తెలిసిపోయినట్టే.

ఈత రావాలా అని అందరూ అడుగుతారు. పరిచయ డైవ్‌కి అక్కర్లేదు, ఇన్‌స్ట్రక్టర్ పట్టుకునే ఉంటాడు. సర్టిఫికెట్ కోర్సు, అంటే ఓపెన్ వాటర్ చేయాలంటే మాత్రం 200 మీటర్లు ఈది, 10 నిమిషాలు తేలి చూపించాలి.

స్టెప్ 2: చెవులు, జలుబు

మొదటిసారి డైవ్ మధ్యలో ఆగిపోయేది ఎక్కువగా చెవుల వల్లే. మొదటి మూడు మీటర్లలోనే ప్రెషర్ 30 శాతం పెరుగుద్ది, కర్ణభేరి లోపలికి నొక్కుకుపోతది. ముక్కు రెండు వేళ్ళతో మూసి మెల్లగా ముక్కులోకి ఊదితే చెవుల్లో "టక్" మంటది, దాన్ని ఈక్వలైజ్ చేయడం అంటారు. ఇంట్లో ఇప్పుడే కూర్చుని చేసి చూడండి, రెండు చెవులూ తెరుచుకుంటున్నాయా, ఒకటే తెరుచుకుంటుందా. గట్టిగా ఊదొద్దు, మెల్లగా.

నీళ్ళలో నొప్పి మొదలయ్యాక ఊదితే లేట్ అయినట్టే, దిగే ముందే పైన ఒకసారి, తర్వాత ప్రతి అర మీటర్‌కో మీటర్‌కో ఒకసారి చేస్తూ పోవాలి. తెరుచుకోకపోతే చెవి వైపు వేలు చూపించి, అరచెయ్యి అటూ ఇటూ ఊపి "బాలేదు" అని సైగ చేయండి, ఒక మీటర్ పైకి తీసుకెళ్ళి మళ్ళీ ట్రై చేయిస్తాడు. ఓర్చుకుని దిగితే కర్ణభేరి చిరగొచ్చు, అప్పుడు చల్లటి నీళ్ళు లోపలికి పోయి కళ్ళు గిర్రున తిరుగుతాయి, నీటి కింద అది మామూలు భయం కాదు.

జలుబు ఉంటే ఆ రోజు డైవ్ లేదు, అంతే. మందేసుకుని ముక్కు తెరిపించి దిగుదాం అనుకుంటారు, దిగేటప్పుడు బానే ఉంటది, నీళ్ళలో ఉండగా మందు పవర్ అయిపోతే పైకొచ్చేటప్పుడు గాలి చెవుల్లో సైనస్‌లో ఇరుక్కుంటది. దిగేటప్పుడు నొప్పొస్తే ఆగిపోవచ్చు, పైకొచ్చేటప్పుడు నొప్పొస్తే కింద ఉండిపోలేం కదా. మన కథలో ఆవిడకి సైనస్ కాబట్టి ఒక రోజు అటూ ఇటూ జరుపుకునేలా ప్లాన్ ఉండాలి, దాని సంగతి స్టెప్ 4లో.

స్టెప్ 3: ఆపరేటర్‌ని ఫోన్లో, తర్వాత కళ్ళతో చెక్ చేయడం

ట్రావెల్ ఏజెంట్ "మాకు టైఅప్ ఉంది" అంటే సెంటర్ పేరు అడగండి. పేరు చెప్పకపోతే ఆ ప్యాకేజీలోంచి స్కూబా తీసేయమనండి. పేరు దొరికాక డైవింగ్ ట్రైనింగ్, సర్టిఫికెట్లు చూసే ప్యాడీ, ఎస్ఎస్ఐ లాంటి ఏజెన్సీల వెబ్‌సైట్లలో ఆ సెంటర్ ఉందో లేదో వెతకొచ్చు. ప్యాడీ వాళ్ళకైతే ఇన్‌స్ట్రక్టర్ మెంబర్ నంబర్ కొట్టి అతను ఇప్పటికీ యాక్టివ్‌గా ఉన్నాడా అని చూసే పేజీ కూడా ఉంది. గోడ మీద లోగో ఎవడైనా వేయించుకుంటాడు, లోగో చూసి నమ్మొద్దు.

ఫోన్ చేసి ఇవి అడగండి. నీళ్ళలో నాతో ఎవరుంటారు, ఇన్‌స్ట్రక్టరా డైవ్ మాస్టరా? ఒకరికి ఎంతమంది? ప్యాడీ పరిచయ డైవ్‌లో సముద్రంలో ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి నలుగురికి మించకూడదు, లోతు 12 మీటర్లు దాటకూడదు, ఇవి గరిష్ఠ పరిమితులు. మొదటిసారి అయితే ఒకరికి ఒకరు ఉండేచోటే తీసుకోండి, హావ్లాక్‌లో ఇది దొరుకుద్ది. దిగే ముందు లోతు తక్కువ నీళ్ళలో ఎంతసేపు ప్రాక్టీస్ చేయిస్తారు? సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ తీసి మళ్ళీ పెట్టుకోడం, మాస్క్‌లో నీళ్ళు వస్తే ముక్కుతో ఊది బయటికి పంపడం, సైగలు, ఇవి నడుం లోతు నీళ్ళలో మీకు వచ్చేదాకా చేయించాలి. "అయిదు నిమిషాల్లో చెప్పేస్తాం సార్, ఈజీ" అంటే వద్దు. మధ్యలో ఒక మాట, సైగల్లో బొటనవేలు పైకెత్తితే "సూపర్" అని కాదు, "పైకి వెళ్దాం" అని. వీడియో తీస్తున్నాడని థమ్స్ అప్ ఇస్తే నిజంగానే పైకి తీసుకెళ్ళిపోతాడు. బాగుందని చెప్పాలంటే బొటనవేలు చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

ఇంకో రెండు ప్రశ్నలు తప్పకుండా. బోటులో లేదా ఒడ్డున ఆక్సిజన్ కిట్ ఉందా, సిలిండర్ నిండుగా ఉందా? డైవింగ్ ప్రమాదంలో మొదటి చికిత్స స్వచ్ఛమైన ఆక్సిజనే. ఏదైనా జరిగితే రీకంప్రెషన్ ఛాంబర్‌కి, అంటే మళ్ళీ ప్రెషర్ పెంచి చికిత్స చేసే గదికి, ఎలా తీసుకెళ్తారు? హావ్లాక్ నుంచి అయితే పోర్ట్ బ్లెయిర్ దాకా సముద్రం దాటాలి కాబట్టి దీనికి వాళ్ళ దగ్గర రెడీగా సమాధానం ఉండాలి. మంచి సెంటర్ వాడు ఈ ప్రశ్నకి విసుక్కోడు, గడగడా చెప్తాడు. తడబడితే లేదా నవ్వేస్తే ఫోన్ పెట్టేయండి.

అక్కడికి వెళ్ళాక మీ చేతుల్లో ఉన్న చెకింగ్ ఇది. సిలిండర్ భుజం మీద టెస్ట్ చేసిన తేదీ లోహంలోనే కొట్టి ఉంటది, చూపించమనండి. ప్రెషర్ గేజ్ 200 బార్ దరిదాపుల్లో ఉండాలి. రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని గేజ్ ముల్లు చూస్తూ నాలుగైదు సార్లు గట్టిగా పీల్చండి, పీల్చిన ప్రతిసారీ ముల్లు కిందకి ఊగి మళ్ళీ లేస్తుంటే వాల్వ్ సరిగా తెరవలేదనో ఇంకేదో ఉందనో అర్థం, కదలకుండా ఉండాలి. గాలికి వాసన, రుచి ఉండకూడదు. డీజిల్ పొగ వాసనో, నూనె వాసనో వస్తే దిగనే దిగొద్దు, కంప్రెసర్ దగ్గర పొగ లోపలికి పోయిందంటే కార్బన్ మోనాక్సైడ్ ఉండొచ్చు, అది లోతులో ఇంకా గట్టిగా కొడుద్ది. రెండో రెగ్యులేటర్, పసుపురంగులో ఉంటది సాధారణంగా, అది ఉందా, దాంట్లోంచీ గాలి వస్తోందా చూడండి. మీసం గడ్డం ఉన్నవాళ్ళకి మాస్క్ కొంచెం లీక్ అవడం మామూలే, ముక్కు కింద మీసం ముందు రోజు ట్రిమ్ చేసుకుంటే సరిపోద్ది.

ఇన్సూరెన్స్ సంగతి ఒక్క లైన్లో, మామూలు ట్రావెల్ పాలసీల్లో అడ్వెంచర్ స్పోర్ట్స్ ఉండకపోవచ్చు, మీ పాలసీలో స్కూబా అనే మాట, ఎన్ని మీటర్ల వరకు అనేది చదివి చూసుకోండి.

స్టెప్ 4: ఫ్లైట్ గ్యాప్ లెక్క

లోతులో ప్రెషర్ మీద గాలి పీల్చినప్పుడు నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో కరుగుద్ది. పైకొచ్చాక అది నెమ్మదిగా ఊపిరి ద్వారా బయటికి పోతది, దానికి గంటలు పడుతుంది. ఈలోపు మీరు విమానం ఎక్కితే క్యాబిన్లో ప్రెషర్ నేల మీద ఉన్నంత ఉండదు, దాదాపు 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటది. సోడా మూత తీసినట్టే, ప్రెషర్ తగ్గగానే కరిగిన గ్యాస్ బుడగలు కడుద్ది, ఆ బుడగలు కీళ్ళలో, నరాల్లో, వెన్నుపాములో చేరితే దాన్ని డీకంప్రెషన్ సిక్‌నెస్ అంటారు.

డైవింగ్ సేఫ్టీ సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్, అందరూ డ్యాన్ అంటారు, 2002లో జరిగిన వర్క్‌షాప్ తర్వాత వచ్చిన మార్గదర్శకం ఇలా ఉంది: ఒకే ఒక్క మామూలు డైవ్ అయితే కనీసం 12 గంటలు, రెండు మూడు డైవ్‌లు లేదా వరసగా కొన్ని రోజులు చేస్తే కనీసం 18 గంటలు, పైకొచ్చేటప్పుడు తప్పనిసరిగా ఆగాల్సిన డీకంప్రెషన్ డైవ్‌లైతే ఇంకా చాలా ఎక్కువ. ఇవి కనీసాలు, ఇంతసేపు ఆగితే ఏమీ రాదనే గ్యారంటీ కాదు. అందుకే టూరిస్ట్‌గా వెళ్ళేవాళ్ళు కళ్ళు మూసుకుని 24 గంటలు అని పెట్టుకోవడం తేలిక. లెక్క మొదలయ్యేది నీళ్ళలోకి దిగినప్పటి నుంచి కాదు, ఆఖరి డైవ్ నుంచి పైకి తేలిన నిమిషం నుంచి, ముగిసేది ఎయిర్‌పోర్ట్ చేరినప్పుడు కాదు, ఫ్లైట్ లేచినప్పుడు.

ఇప్పుడు మన ఫ్యామిలీ. శనివారం 11:30 ఫ్లైట్, 24 గంటలు వెనక్కి అంటే శుక్రవారం 11:30కల్లా చివరి డైవ్ అయిపోవాలి. కానీ శుక్రవారం రాత్రికే పోర్ట్ బ్లెయిర్ చేరాలి, శనివారం పొద్దున ఫెర్రీని నమ్ముకుని ఫ్లైట్ పట్టుకోడం తెలివైన పని కాదు, సముద్రం బాలేకపోతే ఫెర్రీలు క్యాన్సిల్ అవుతాయి. సో శుక్రవారం మధ్యాహ్నం ఫెర్రీ. దీంతో అసలు డైవ్ గురువారం ఉదయం పెట్టుకుంటాం. గురువారం గాలి ఎక్కువై క్యాన్సిల్ అయినా, ఆవిడ ముక్కు మూసుకుపోయినా, శుక్రవారం ఉదయం 7 గంటల స్లాట్ ఉంది, 8:30కి పైకి వచ్చేస్తారు, అప్పటినుంచి ఫ్లైట్ లేచేదాకా 27 గంటలు. ఫెర్రీకి కూడా టైమ్ ఉంది. డైవ్‌ని శుక్రవారమే పెట్టుకుని ఉంటే ఈ స్పేర్ రోజే ఉండదు, శనివారం పొద్దున 6కి చేసి ఫ్లైట్ ఎక్కుదామా అనే ఆలోచన వచ్చేది అప్పుడే.

ప్యాకేజీల్లో ఇంకో ట్రిక్ ఉంటది, మొదటి రెండు రోజులు సెల్యులార్ జైల్, రాస్ ఐలాండ్ చూపించి స్కూబాని ఆఖర్న పోర్ట్ బ్లెయిర్ పక్కన నార్త్ బేలో పెడతారు, తర్వాతి రోజు పొద్దున్నే ఫ్లైట్. ముందు రోజు సాయంత్రం 4కి నీళ్ళలోంచి వచ్చి పొద్దున 8కి ఎగిరితే 16 గంటలే. ఒక్క డైవ్‌కి కనీసం దాటినట్టే గానీ రెండు డైవ్‌లు చేసి ఉంటే 18కి కూడా చాలలేదు. ఏజెంట్‌కి చెప్పి ఆర్డర్ తిప్పించుకోండి, డైవ్ ముందు, జైలు తర్వాత. గొట్టం పెట్టుకుని పైన తేలే స్నార్కెలింగ్‌కి ఈ గ్యాప్ అక్కర్లేదు, పైన ఉండే మామూలు గాలే పీలుస్తారు కాబట్టి, చివర్లో ఏమైనా పెట్టాలంటే అది పెట్టుకోండి.

ఇక మనోళ్ళు ఎవరూ లెక్కలోకి తీసుకోని సంగతి. ఈ మార్గదర్శకం విమానానికే కాదు, 2,000 అడుగులు, అంటే దాదాపు 600 మీటర్ల ఎత్తు దాటే దేనికైనా వర్తిస్తది. వైజాగ్ రుషికొండలో పొద్దున డైవ్ చేసి మధ్యాహ్నం కారేసుకుని అరకు వెళ్ళిపోతారు, అరకు 900 మీటర్ల పైనే, మధ్యలో ఘాట్ ఇంకా ఎక్కువ. పాండిచ్చేరిలో డైవ్ చేసి వస్తూ వస్తూ స్వామి దర్శనం చేసుకుందాం అని అదే సాయంత్రం తిరుమల ఎక్కుతారు, అది 850 మీటర్లు. బెంగళూరు తెలుగు బ్యాచ్ వీకెండ్‌కి పాండిచ్చేరి వచ్చి ఆదివారం పొద్దున డైవ్ చేసి రాత్రికి ఇంటికి, బెంగళూరే 900 మీటర్లు. విమానమంత ఎత్తు కాదు కాబట్టి రిస్క్ తక్కువే గానీ లెక్క మాత్రం అదే లెక్క, ముందు అరకు చూసి తర్వాత డైవ్ చేస్తే పోయేదానికి తలనొప్పి ఎందుకు. వైజాగ్ నుంచి హైదరాబాద్ ట్రైన్లో వచ్చేవాళ్ళకి ఇబ్బంది లేదు, హైదరాబాద్ చాలావరకు 600 లోపే.

స్టెప్ 5: నాన్నగారి స్నార్కెలింగ్

స్నార్కెలింగ్‌కి ఫారం అడగరు కాబట్టి ఫిట్‌నెస్ అక్కర్లేదు అనుకుంటారు. నీళ్ళలో మునగగానే గుండె మీద భారం పెరగడం అనేది స్నార్కెల్‌కీ అంతే, పైగా గొట్టంలోంచి పీల్చడానికి కొంచెం ఎక్కువ కష్టపడాలి. పెద్దవాళ్ళు మునిగిపోతున్నట్టు చేతులు కొట్టరు, చప్పుడు లేకుండా ఆగిపోతారు, అది గమనించడానికి పక్కన మనిషి ఉండాలి. కాబట్టి నాన్నగారికి గుండె జబ్బు, స్టెంట్ ఉంటే ఆయన డాక్టర్‌ని అడిగే తీసుకెళ్ళండి. హావ్లాక్‌లోని ఎలిఫెంట్ బీచ్‌లో లైఫ్ జాకెట్ వేసి, గైడ్ రింగ్ పట్టుకుని తీసుకెళ్తాడు, ముందు నిలబడే లోతులో మొహం నీళ్ళలో పెట్టి రెండు నిమిషాలు ప్రశాంతంగా ఊపిరి పీల్చగలుగుతున్నారా చూడండి, అది కుదిరితేనే లోతుకి. ఆయాసం, దగ్గు మొదలైతే వెంటనే ఒడ్డుకి, "కాసేపు ఆగితే పోద్దిలే" అనొద్దు. మొహం మొత్తం కప్పే మాస్కులు సులువుగా కనిపిస్తాయి గానీ చవక రకాల్లో వదిలిన గాలే మళ్ళీ పీల్చే ప్రమాదం ఉంది, కంగారులో త్వరగా తీయడమూ కష్టం, మామూలు మాస్క్, గొట్టమే నయం.

స్టెప్ 6: డైవ్ అయ్యాక ఒక రోజంతా

ఆ రోజు ఆల్కహాల్ మానేయండి, నీళ్ళు బాగా తాగండి. కీళ్ళ నొప్పి, చేతులు కాళ్ళలో తిమ్మిరి, చర్మం మీద మచ్చలు, కళ్ళు తిరగడం, మామూలు కంటే బాగా ఎక్కువ నీరసం, మూత్రం రాకపోవడం, వీటిలో ఏదైనా వస్తే సిలిండర్ మోసిన నొప్పే అని సర్దుకోవద్దు. పరిచయ డైవ్‌లో 12 మీటర్లలోపు, అరగంట లోపల కాబట్టి ఇది అరుదు, కానీ అరుదుగా వచ్చినప్పుడు జనం చేసే తప్పు ఒకటే, "హైదరాబాద్ వెళ్ళాక మన డాక్టర్‌కి చూపిద్దాం" అని ఫ్లైట్ ఎక్కడం. అప్పటికే బుడగలు ఉంటే ఎత్తులో అవి ఇంకా పెద్దవవుతాయి. వెంటనే డైవ్ సెంటర్‌కి ఫోన్ చేయండి, ఆక్సిజన్ పెట్టమనండి, పడుకోబెట్టండి, ఆసుపత్రిలో మొదటి మాటగా "నిన్న ఇన్ని గంటలకి ఇంత లోతుకి స్కూబా చేశాను" అని చెప్పండి, ఎందుకంటే మామూలు డ్యూటీ డాక్టర్‌కి అది తట్టకపోవచ్చు. అందుకే డైవ్ అయిపోగానే లోతు, ఎన్ని నిమిషాలు, ఎన్ని గంటలకి పైకొచ్చారు అనేవి ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగి ఫోన్లో నోట్ చేసుకోండి, ఫ్లైట్ టికెట్ మార్చుకోవాల్సి వచ్చినా అవే పనికొస్తాయి.